దిర్హాముకు ఇరవై నాలుగు ఎప్పుడొస్తుంది?

ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు చుట్టుపక్కల ఊళ్ళలో గల్ఫ్‌కి మనిషిని పంపని వీధి అరుదు. మగవాళ్ళు దుబాయ్, దోహా, మస్కట్ పనుల్లో ఉంటారు. గోదావరి జిల్లాల ఆడవాళ్ళు ఎక్కువగా కువైట్ ఇళ్ళలో పని చేస్తారు. జీతం పడిన రోజు నుంచి డబ్బులు ఇంటికి వేసే రోజు దాకా వీళ్ళలో చాలామంది ఫోన్‌లో చూసే బొమ్మ ఒకటే, రూపాయి రేటు గీత. ఆ గీత చూసి "ఇవాళ వేయనా, వారం ఆగనా" అని తేల్చుకుంటారు. ఆ గీత నిజంగా ఏం చెబుతుంది, ఏం చెప్పదు అన్నదే ఇక్కడి విషయం.

ముందుగా, దుబాయ్‌లో ఉన్నవాడు చూడాల్సింది ఏ గీత? జీతం దిర్హాముల్లో వస్తుంది కాబట్టి `AED INR` అని కొట్టి చూస్తాడు. దాని పక్కన `USD INR` గీత పెడితే రెండూ అచ్చు ఒకేలా ఉంటాయి. కారణం, 1997 నుంచి ఒక డాలరుకు 3.6725 దిర్హాములు అని ఎమిరేట్స్ కేంద్ర బ్యాంకు గట్టిగా కట్టేసింది. సౌదీ రియాల్ 3.75 దగ్గర, ఖతార్ రియాల్ 3.64 దగ్గర అలాగే డాలరుకు కట్టుబడి ఉన్నాయి. ఒమన్, బహ్రెయిన్‌లదీ అదే పద్ధతి. అంటే గీతలో కదిలేదంతా రూపాయే. డాలరు రేటును 3.6725తో భాగిస్తే దిర్హాము రేటు వచ్చేస్తుంది. డాలరు 88 అయితే దిర్హాము 23 రూపాయల 96 పైసలు.

కువైట్ సంగతి కొంచెం వేరు. 2007 మే నుంచి కువైట్ దినారును ఒక్క డాలరుకే కాకుండా కొన్ని కరెన్సీల మూటకు కట్టారు. ఆ మూటలో దేనికెంత వాటా ఉందో బయటపెట్టరు. డాలరు వాటా పెద్దదే కాబట్టి దినారు గీత దాదాపు డాలరు వెంటే నడుస్తుంది, కానీ డాలరు యూరో ముందు బలహీనపడినప్పుడు దినారు దానితో పాటు పూర్తిగా దిగదు. కువైట్‌లో ఉన్న అక్క డాలరు వార్తలు విని దినారు రేటు లెక్కేసుకుంటే కొన్ని పైసలు తేడా రావడం అందుకే.

గీతను చదవడంలో మొదటి చిక్కు దిక్కుది. గీత పైకి పోతే రూపాయి పడిపోయిందని అర్థం. టీవీలో "రూపాయి పతనం" అని ఎర్ర అక్షరాలు వచ్చిన రోజే దుబాయ్ గదిలో "రేటు బాగుంది" అంటారు. రెండో చిక్కు కొలతది. యాప్‌లో నెల గీత తెరిస్తే అది తెర మొత్తం నిండి కొండలూ లోయలుగా కనిపిస్తుంది. పక్కనున్న అంకెలు చూస్తే కింద 23.30, పైన 23.55 అని ఉంటుంది. కొండ ఎత్తు పాతిక పైసలన్నమాట, ఒక శాతం. గీతను సున్నా నుంచి గీస్తే అదే నెల బల్లపరుపుగా కనిపిస్తుంది. ఏ యాప్ కూడా సున్నా నుంచి గీయదు. గీస్తే ఎవరూ తెరవరు మరి.

ఇప్పుడు 2025లో నిజంగా జరిగినదాన్ని తీసుకుందాం. మనిషి మాత్రం ఊహే. తాడేపల్లిగూడెం నుంచి దుబాయ్ వెళ్ళిన ఒక ఏసీ మెకానిక్ అనుకోండి. చేతిలో 4,200 దిర్హాములు కూడబెట్టాడు. ఊళ్ళో, వీసాకీ టికెట్టుకీ తెచ్చిన లక్ష రూపాయల ప్రోనోటు ఉంది, నూటికి రెండు రూపాయల వడ్డీ.

2025 ఫిబ్రవరి 10, సోమవారం. అమెరికా సుంకాల భయం, విదేశీ మదుపరులు మన షేర్లు అమ్ముకుని పోవడం, అన్నీ కలిసి డాలరు 87 రూపాయల 95 పైసల దాకా వెళ్ళింది. అప్పటికి అది రికార్డు. దిర్హాముకు చెబితే 23 రూపాయల 95 పైసలు. కౌంటర్ దగ్గర మనవాడికి 23.80 దొరికిందనుకుందాం. అప్పుడే వేస్తే ఇంటికి 99,960 రూపాయలు వెళ్ళేవి. కానీ గదిలో అందరూ ఒకటే మాట: "ఇరవై నాలుగు వస్తోంది, ఆగరా." గీత చూస్తే వాళ్ళ మాట నిజమనిపిస్తుంది. మూడు నెలలుగా పైపైకే పోతోంది. గుండ్రటి అంకెకు ఐదు పైసల దూరంలో ఉంది. ఆగాడు.

మర్నాడు రిజర్వ్ బ్యాంకు డాలర్లు గట్టిగా అమ్మిందని మార్కెట్ చెప్పుకుంది. డాలరు 87 లోపుకు దిగింది. మార్చి నెలాఖరుకు 85 చిల్లర. ఏప్రిల్‌లో అమెరికా సుంకాల ప్రకటనలతో డాలరే ప్రపంచమంతటా బలహీనపడింది. మే 2న ఒక దశలో 83 రూపాయల 76 పైసలు. దిర్హాముకు 22.81. ఫిబ్రవరిలో వేయని డబ్బు విలువ ఆ రోజున నాలుగు వేల రూపాయలకు పైగా తగ్గింది. జూన్‌లో పిల్లల ఫీజులకో, చెరువు లీజు కట్టడానికో ఇంట్లో డబ్బు అవసరమై ఉంటే ఫిబ్రవరి కంటే తగ్గిన రేటుకే వేయాల్సి వచ్చేది.

మనవాడు మొండివాడు, వేయలేదనుకుందాం. దిర్హాముకు 24 రావాలంటే డాలరు 88 రూపాయల 14 పైసలు దాటాలి. అది దాటింది ఆగస్టు 29న. ఆరున్నర నెలలు. గదిలో వాళ్ళు చెప్పింది చివరికి నిజమైందనే అనుకోవాలి. కౌంటర్లో కూడా 24 దొరికిందనే అనుకుని ఇప్పుడు లెక్క చూడండి. 23.80కి బదులు 24 రావడం వల్ల 4,200 దిర్హాముల మీద లాభం 840 రూపాయలు. ఆ ఆరున్నర నెలలూ లక్ష ప్రోనోటు మీద నడిచిన వడ్డీ 13,000 రూపాయలు.

అప్పే లేదనుకున్నా లెక్క పెద్దగా మారదు. ఆ లక్షను ఫిబ్రవరిలోనే ఏలూరు బ్యాంకులో డిపాజిట్ చేస్తే, ఏడాదికి ఆరున్నర శాతం చొప్పున ఆగస్టు చివరికి మూడున్నర వేలు వచ్చేవి. దుబాయ్ ఖాతాలో ఊరకే ఉన్న దిర్హాములకు ఏమీ రాలేదు.

ఇలాంటిదే ఇంకా పాత కథ 2013లో ఉంది. అమెరికా కేంద్ర బ్యాంకు డాలర్ల ముద్రణ తగ్గిస్తానని మే నెలలో సూచించగానే, 55 చిల్లరలో ఉన్న డాలరు ఆగస్టు 28 నాటికి 68 రూపాయల 80 పైసల దాకా ఎగిరింది. మూడు నెలల్లో పాతిక శాతం. ఇక 70 ఖాయమని అందరూ అన్నారు. అక్టోబరుకల్లా 61, 62కి వచ్చేసింది. డాలరు మొదటిసారి 70 చూసింది 2018 ఆగస్టులో. చెప్పిన అంకె తప్పలేదు, ఐదేళ్ళు పట్టిందంతే. తేదీ లేని జోస్యం ఎప్పుడూ తప్పు కాదు, అదే దానిలో ఉన్న దొంగతనం.

ఇంతకీ గీత చూసి ముందు సంగతి చెప్పలేమా? ఈ ప్రశ్నను 1983లో రిచర్డ్ మీస్, కెన్నెత్ రోగాఫ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు పరీక్షకు పెట్టారు. అప్పటికి పేరున్న సిద్ధాంతాలన్నిటితో డాలరు రేటును అంచనా వేసి చూశారు. ధరల పెరుగుదల, వడ్డీ రేట్లు, ఎగుమతుల లెక్కలు అన్నీ వాటిలో ఉన్నాయి. పోటీకి పెట్టింది ఒక్క వాక్యం: "రేపటి రేటు కూడా ఇవాళ్టి రేటే." నెల నుంచి ఏడాది దాకా ఏ గడువుకు చూసినా ఆ వాక్యాన్ని సిద్ధాంతాలు స్పష్టంగా ఓడించలేకపోయాయి. ఆ తర్వాత నలభై ఏళ్ళుగా ఎందరో ప్రయత్నించారు. కొన్ని కరెన్సీల్లో, దీర్ఘ గడువుల్లో కొద్దిపాటి పైచేయి దొరికింది కానీ, వచ్చే వారం సంగతి చెప్పే పద్ధతి నిలబడలేదు. కారణం కష్టమైనదేమీ కాదు. తెలిసిన వార్త అప్పటికే రేటులో కలిసిపోయి ఉంటుంది. రేటును కదిపేది తెలియని వార్త.

దీన్ని ఇంట్లోనే చేసి చూడొచ్చు. ఒక గళ్ళ కాగితం, ఒక రూపాయి బిళ్ళ చాలు. 88 దగ్గర చుక్క పెట్టండి. బొమ్మ పడితే ఇరవై పైసలు పైకి, బొరుసు పడితే ఇరవై పైసలు కిందకి. ఇరవై పైసలెందుకంటే, డాలరు రేటు మామూలు రోజుల్లో రోజుకు ఇంచుమించు అంతే కదులుతుంది. ఓ వంద సార్లు ఎగరేసి చుక్కలు కలపండి. వచ్చిన గీతను ఎవరికైనా చూపించి డాలరు గీత అని చెబితే నమ్ముతారు. అందులో వాలు కనబడుతుంది, శిఖరం కనబడుతుంది, "ఇక్కడికి వచ్చిన ప్రతిసారీ వెనక్కి తిరుగుతోంది" అనిపించే గోడ కూడా కనబడుతుంది. బిళ్ళకు ఇవేమీ తెలియవు. యూట్యూబ్‌లో గీత మీద గీతలు గీసి చెప్పేవాళ్ళ వాక్చాతుర్యమంతా ఈ కాగితం మీద కూడా అలాగే పనిచేస్తుంది.

ఆ కాగితం నుంచి వచ్చే ఉపయోగం కూడా ఉంది. అడుగులు ఎటు పడతాయో తెలియకపోయినా ఎంత దూరం పోతాయో చెప్పొచ్చు. ఇరవై ఐదు సార్లు ఎగరేస్తే చుక్క మొదలుపెట్టిన చోటు నుంచి ఇరవై ఐదు అడుగులు పోదు. బొమ్మలూ బొరుసులూ చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మిగిలేది సుమారు వర్గమూలం, అంటే ఐదు అడుగులు. నెలలో మార్కెట్ నడిచేది ఇరవై రెండు రోజులే అయినా లెక్క సులువు కోసం ఇరవై ఐదే అనుకుందాం. ఐదు అడుగులంటే డాలరుకు ఒక రూపాయి, దిర్హాముకు ఇరవై ఏడు పైసలు. మూడు నెలల్లో రెండు నెలలు మార్పు ఆ లోపే ఉంటుంది. వెయ్యి దిర్హాములు పంపేవాడికి నెల ఆగితే ఆడే జూదం విలువ 270 రూపాయలు. అవి రావచ్చు, పోవచ్చు.

"కానీ రూపాయి ఎప్పుడూ పడుతూనే ఉంది కదా" అంటారు. నిజమే, దీర్ఘకాలంలో ఒక వాలు ఉంది. 2012 చివర్లో డాలరు 55 దగ్గర ఉంటే 2025 డిసెంబరులో 90 దాటింది. సగటున ఏడాదికి నాలుగు శాతం లోపు. నెలకు చూస్తే దిర్హాముకు ఎనిమిది పైసలు. నెల ఊపు ఇరవై ఏడు పైసలు, నెల వాలు ఎనిమిది పైసలు. ఊపులో వాలు కనబడదు. ఊపు వర్గమూలం లెక్కన పెరుగుతుంది, వాలు మాత్రం నెలనెలా కూడుకుంటూ పోతుంది. అందుకే ఇంచుమించు ఏడాది గడిస్తేగాని రెండూ సమానం కావు. ఏడాది ఆగడమంటే నూటికి రెండు రూపాయల ప్రోనోటు మీద ఇరవై నాలుగు శాతం కట్టడం. ఆ వాలు కూడా ఉచితంగా రాదు. మన దేశంలో ధరలూ వడ్డీలూ అమెరికా కంటే ఎక్కువ కాబట్టే రూపాయి ఏళ్ళ తరబడి అలా వాలుతుంది. డబ్బును దిర్హాముల్లో ఉంచితే వాలు దక్కుతుంది, వడ్డీ పోతుంది. రూపాయల్లోకి మారిస్తే వడ్డీ దక్కుతుంది, వాలు పోతుంది. పై లెక్కల్లో చూస్తే వడ్డీదే పైచేయి.

బిళ్ళ లెక్కకు రూపాయి విషయంలో ఒక పెద్ద లోటు ఉందని మాత్రం చెప్పాలి. బిళ్ళ అడుగు ఎప్పుడూ ఒకటే కొలత. రూపాయి అడుగు అలా కాదు. 2023 ఏడాదంతా డాలరు ఇంచుమించు 81కీ 83న్నరకీ మధ్యే తిరిగింది; చాలా రోజులు పది పైసలు కూడా కదల్లేదు. కారణం రిజర్వ్ బ్యాంకు. డాలర్లు వెల్లువగా వస్తే కొంటుంది, కరువైతే అమ్ముతుంది. కొల్లేరు చేసే పని కూడా ఇదే. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన వరదను తనలో పట్టుకుని ఉప్పుటేరు గుండా మెల్లగా సముద్రానికి వదులుతుంది. ఒడ్డున కూర్చుని నీటిమట్టం చూసేవాడికి పైన ఎంత వాన పడిందో తెలియదు. అలాగే నిశ్చలమైన గీత చూసి మార్కెట్లో ఒత్తిడి లేదనుకోకూడదు. 2023 గీతనుంచి "రోజుకు ఎనిమిది పైసలు" అని కొలత తీసుకున్నవాడు 2025లో నడుములోతు నీళ్ళలో పడ్డాడు. ఏ అంకె దగ్గర అమ్ముతుందో రిజర్వ్ బ్యాంకు ముందుగా చెప్పదు. ఫలానా రేటును కాపాడడం తన పని కాదనీ, విపరీతమైన ఊపును అణచడమే తన పని అనీ అంటుంది. కాబట్టి "90 దాటనివ్వరు" అన్న మాటకీ ఆధారం లేదు. 2025 డిసెంబరు 3న దాటనిచ్చారు.

గీత మీద ఇంత ధ్యాస పెట్టేవాళ్ళు కౌంటర్ మీద పెట్టకపోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. గూగుల్‌లో కనిపించేది బ్యాంకులు ఒకదానితో ఒకటి కోట్లలో మార్చుకునే రేటు. ఎక్స్ఛేంజ్ దుకాణం ఇచ్చేది దానికి కొన్ని పైసలు తక్కువ, పైన రుసుము. ఒక లెక్క వేద్దాం. తెర మీద 24.00, కౌంటర్లో 23.88, రుసుము 20 దిర్హాములు అనుకోండి. వెయ్యి దిర్హాములు పంపితే చేతినుంచి పోయింది 1,020; ఇంట్లో పడింది 23,880 రూపాయలు. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 23 రూపాయల 41 పైసలు. మనకు దొరికిన అసలు రేటు అదీ. తెర మీద రేటుకీ దీనికీ తేడా 59 పైసలు. నెల మొత్తం ఊపు 27 పైసలని ఇందాక చూశాం. అంటే ఏ రోజు వేయాలన్న చర్చ కంటే ఏ దుకాణంలో, ఏ యాప్‌లో, ఎంత మొత్తం వేయాలన్న చర్చ రెండింతలు విలువైనది. అదీగాక ఈ తేడా ముందే తెలుస్తుంది, జోస్యం అక్కర్లేదు. మూడు వేలు ఒకేసారి పంపితే అదే ఇరవై దిర్హాముల రుసుము మూడో వంతు భారమే అవుతుంది. రుసుము లేదని బోర్డు పెట్టిన చోట రేటులో కోత ఎక్కువ ఉండొచ్చు. ఇంట్లో పడ్డ రూపాయలను చేతినుంచి పోయిన దిర్హాములతో భాగించడం ఒక్కటే రెండు చోట్లనూ పోల్చే దారి. శని, ఆదివారాల్లో ముంబై మార్కెట్ మూసి ఉంటుంది కాబట్టి గీత కదలదు. సోమవారం ఎలా తెరుచుకుంటుందో తెలియక దుకాణాలు ఆ రెండు రోజులూ కాస్త ఎక్కువ మిగుల్చుకోవచ్చు.

గదిలో రేటు జోస్యం చెప్పే అన్నయ్య నిజంగా తెలిసినవాడో కాదో కనిపెట్టడానికి కూడా ఒక పద్ధతుంది. జీతం రోజున అతను చెప్పిన అంకె రాసుకోండి, పక్కన ఆ రోజు రేటు రాసుకోండి. వచ్చే జీతం రోజున అసలు రేటుకు ఏది దగ్గరగా ఉందో చూడండి. ఏ నేర్పూ లేనివాడు కూడా అదృష్టం కలిసొచ్చి ఐదింటిలో నాలుగు నెలలు గెలవగలడు. ఇరవై నెలల్లో పదిహేను గెలిస్తే అప్పుడు ఆలోచించాలి. ఇరవై నెలలు రాసినవాళ్ళు దొరకడం కష్టం కాబట్టే జోస్యాలకు గిరాకీ తగ్గదు.

కొల్లేరు పక్కన ఉన్న ఇళ్ళకు ఈ రేటుతో ఇంకో ముడి ఉంది, దాన్ని గీత చూపించదు. 2025 ఆగస్టు 29న డాలరు 88 దాటడానికి రెండు రోజుల ముందు, ఆగస్టు 27న, మన సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతం అయింది. రూపాయిని తోసింది ఆ భయమే. మన రొయ్యలు ఎక్కువగా కొనేది అమెరికా. ఎగుమతిదారులు వనామీ కౌంట్ల ధరలు తగ్గించిన రోజులూ, దుబాయ్‌లో దిర్హాముకు 24 వచ్చిన రోజులూ ఒక్కటే. కైకలూరు, ఆకివీడు వైపు తండ్రి రొయ్యల చెరువు చేస్తూ కొడుకు దుబాయ్‌లో ఉన్న ఇంట్లో, కొడుకు సంబరపడిన రేటే తండ్రి చెరువుకి దెబ్బ అయింది. మామూలు రోజుల్లో రూపాయి పడితే రొయ్యకూ కాస్త మేలే, డాలర్లలో వచ్చిన సొమ్ము ఎక్కువ రూపాయలవుతుంది. రూపాయి ఎందుకు పడిందన్నదాన్ని బట్టి ఇంటి మొత్తం లెక్క తలకిందులవుతుంది. అదే శీలావతి, బొచ్చె పెంచే ఇంటికి ఈ గొడవ తక్కువ. ఆ చేప లారీల్లో బెంగాల్, అస్సాం పోతుంది, రూపాయల్లోనే అమ్ముడవుతుంది.

అప్పు, ఫీజు, లీజు లాంటి గడువున్న డబ్బుకు గీతతో పనిలేదు. గడువులేని డబ్బు, ఇల్లు కట్టుకుందామని దాచుకున్నదో మరొకటో అయితే, నాలుగైదు నెలలకు పంచి వేస్తే మంచి రేటూ చెడ్డ రేటూ కలిసి సగటు దొరుకుతుంది. ఎక్కువ లాభం రాదు, ఒక్క చెడ్డ రోజున మొత్తం ఇరుక్కోవడం తప్పుతుంది.

ఆగస్టు 29న 24కి వేసిన మన మెకానిక్ సంగతి ఇంకొంచెం మిగిలింది. డిసెంబరు 3న డాలరు 90 దాటినప్పుడు దిర్హాము 24 రూపాయల 50 పైసలైంది. "ఇంకో మూడు నెలలు ఆగితే రెండు వేలు ఎక్కువొచ్చేవి" అని గదిలో ఎవరో అని ఉంటారు. ఆగస్టులో ఆ డబ్బుతో ప్రోనోటు తీర్చేశాడు కాబట్టి ఆ మూడు నెలలకూ అతను కట్టకుండా మిగిలిన వడ్డీ ఆరు వేలు.